లేట్ అటెండెన్స్ నోటీసు: మాట మార్చాలా, రూల్ మార్చాలా?

పొద్దుటి షిఫ్ట్ (ప్రశ్న అడిగినవారు)
హైదరాబాద్‌లో తెలుగు కస్టమర్ కేర్ టీమ్‌కి లీడ్‌ని. పొద్దున 7 గంటల షిఫ్ట్‌కి చాలామంది లేటుగా వస్తున్నారు. మేనేజర్ గారు ఈ నోటీసు ఇచ్చి బోర్డు మీద పెట్టమన్నారు:

"అందరికీ హెచ్చరిక. ఆలస్యంగా రావడం కొందరికి అలవాటైపోయింది. 1వ తేదీ నుంచి 7:00 దాటితే లేట్‌గా పరిగణించబడును. ఏ కారణమూ అంగీకరించబడదు. నెలలో మూడు లేట్లు అయితే సగం రోజు జీతం కట్ చేయబడును. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకోబడును."

రూల్ గట్టిగానే ఉండాలి, కానీ చదివినవాళ్లకి శిక్షలా కాకుండా న్యాయంగా అనిపించాలి. ఎలా తిరగరాయాలి?

రమ్య, విజయవాడ
ముందు ఆ "బడును"లన్నీ తీసేయండి. ఎవరు కట్ చేస్తారో, ఎవరు చర్య తీసుకుంటారో ఎక్కడా లేదు. పోలీస్ స్టేషన్ గోడ మీద కాగితంలా ఉంది. "అలవాటైపోయింది" అనే మాట కూడా వద్దు, ఒక్కరోజు కూడా లేటవని వాళ్లకి అది చెంపదెబ్బ. "మనమందరం ఒక కుటుంబం, మనం సమయం పాటిద్దాం" అని మెత్తగా మొదలుపెట్టి కిందికి వచ్చాక రూల్ చెప్పండి. టోన్ మారితే సగం టెన్షన్ పోతుంది.

పాత హెచ్చార్
"బడును" విషయంలో రమ్య గారితో వంద శాతం ఏకీభవిస్తాను. కానీ ఆ "మనం" దగ్గర జాగ్రత్త. తెలుగులో "మేము", "మనం" వేరు. లేటైతే జీతం కట్ అయ్యేది వాళ్లకి, మేనేజర్‌కి కాదు. అలాంటప్పుడు "మనం" అంటే చదివేవాడికి వెటకారంలా వినిపిస్తుంది. మెత్తటి మాటల కింద కత్తి దొరికితే, మామూలు కత్తికన్నా ఎక్కువ కోపం వస్తుంది.

పొద్దుటి షిఫ్ట్ గారూ, రాసే ముందు మూడు సంగతులు చెప్పండి. పోయిన నెల మొత్తం ఎన్ని లేట్లు, ఎంతమందివి? అందులో కంపెనీ క్యాబ్ లేటవడం వల్ల అయినవి ఎన్ని? 7 గంటలకి రాకపోతే ఇబ్బంది పడేది అసలు ఎవరు?

సర్కారు గుమాస్తా
ఇంత చర్చ దేనికండీ. మా ఆఫీసులో మూడు లేట్లకి ఒక సీఎల్ పోతుంది, ఇరవై ఏళ్లుగా అంతే. ఎవరూ ఏడవలేదు. నోటీసు కూడా ఎవరూ చదవరు. మీ పిల్లలు కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చి ప్రతిదానికీ ఫీలవుతున్నారు. అన్నట్టు మా సెక్షన్‌లో బయోమెట్రిక్ పెట్టిన మొదటి వారం మిషన్ దగ్గర క్యూలో నిలబడే నేను రెండు రోజులు లేటయ్యాను. అది మాత్రం అన్యాయమే.

నైట్ షిఫ్ట్ బాబాయ్
నేను వేరే కంపెనీ, కానీ ఇదే లైన్లో ఏడేళ్లుగా రాత్రి డ్యూటీ. ఎవరు ఇబ్బంది పడతారో నేను చెప్తా. నేనే. పొద్దుటి మనిషి వచ్చి సీట్లో కూర్చుని, పెండింగ్ కేసులు చూసుకుని "సరే" అంటేనే నేను లేవాలి. మాకు డ్రాప్ క్యాబ్ 7:15కి. అది వెళ్లిపోతే మళ్లీ 8 గంటలకే. తను పది నిమిషాలు లేటయితే నాకు ముప్పావుగంట నిద్ర పోతుంది. నోటీసుల్లో "క్రమశిక్షణ", "సంస్థ ప్రతిష్ఠ" అని రాస్తారు తప్ప, కుర్చీలో కళ్లు మూసుకుపోతూ కూర్చున్న మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు.

పొద్దుటి షిఫ్ట్
బాబాయ్ గారు చెప్పింది అచ్చం మా కథే. మాకూ క్యాబ్ 7:15కే.

లెక్క తీశాను. పొద్దుటి షిఫ్ట్‌లో 14 మంది. పోయిన నెల 31 లేట్లు. ట్రిప్ షీట్లు పక్కన పెట్టి చూస్తే అందులో 11 క్యాబ్ ఆలస్యంగా రావడం వల్ల అయినవే. మిగిలిన 20లో 13 ముగ్గురివి. మిగతా 7 అక్కడొకటి ఇక్కడొకటి. నిజం చెప్పాలంటే ఇది చూసేదాకా నేను కూడా "అందరూ లేటే" అనుకుంటున్నాను.

గచ్చిబౌలి కుర్రాడు
మరి ఇంకేం అక్కా, ముగ్గురి కోసం 14 మందికి నోటీసు ఎందుకు? ఆ ముగ్గుర్ని పిలిచి మాట్లాడండి. కావాలంటే అందరికీ 15 నిమిషాలు గ్రేస్ ఇవ్వండి, గొడవే ఉండదు.

పాత హెచ్చార్
ముగ్గురితో విడిగా మాట్లాడాల్సిందే, అది నోటీసు కంటే ముందే జరగాలి. కానీ నోటీసు కూడా కావాలి. రాతలో రూల్ లేకుండా ముగ్గుర్ని పిలిస్తే "మమ్మల్నే ఎందుకు" అంటారు, ఆ అడగడంలో తప్పు లేదు.

15 నిమిషాల గ్రేస్ మాత్రం వద్దు. గ్రేస్ ఎంత ఇస్తే డ్యూటీ టైం అంత వెనక్కి జరుగుతుంది, నెల తిరక్కుండా 7:14కి అందరూ తలుపు దగ్గర ఉంటారు. పైగా ఇక్కడ క్యాబే 7:15కి. హ్యాండోవర్‌కి ఎంత పడుతుంది? పది నిమిషాలు అనుకుంటే, 7:05కి సీట్లో ఉన్నా రాత్రి మనిషికి క్యాబ్ అందుతుంది. అంటే గ్రేస్ అయిదు నిమిషాలు. ఆ అయిదు ఎందుకో నోటీసులోనే చెప్పొచ్చు. కారణం కనిపించే అంకెని జనం ఒప్పుకుంటారు.

ఇక అసలు సమస్య, మూడు లేట్లకి సగం రోజు జీతం. దీన్ని ఏ మాటలతో రాసినా న్యాయంగా కనిపించదు, ఎందుకంటే లెక్క న్యాయంగా లేదు. ఉదాహరణకి జీతం 24,000, నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటల పని. అంటే 208 గంటలు, గంటకి సుమారు 115 రూపాయలు. ఒకరు మూడుసార్లు 15 నిమిషాల చొప్పున లేటయితే పోయిన పని 45 నిమిషాలు, విలువ దాదాపు 87 రూపాయలు. మీరు కోసేది సగం రోజు, అంటే 461. పనికి రాని సమయానికి మించిన వాటా జీతంలో కోయకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే సూత్రం ఉంది.

గచ్చిబౌలి కుర్రాడు
అయితే దాన్ని "ఫైన్" అని రాస్తే సరిపోదా? ఫైన్ వేయొచ్చు కదా చట్టంలో.

పాత హెచ్చార్
వేయొచ్చు, కానీ పేరు మార్చినంత సులువు కాదు తమ్ముడూ. ఏయే తప్పులకి ఫైనో ముందే ప్రభుత్వ ఆమోదంతో నోటీసు పెట్టి ఉండాలి. మనిషికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ వేతన కాలం జీతంలో 3 శాతం దాటకూడదు. రిజిస్టర్లో రాయాలి. వసూలైన డబ్బు కంపెనీ జేబులోకి పోదు, ఉద్యోగుల మేలుకే ఖర్చు పెట్టాలి. ఇవన్నీ చేసే టీమ్ లీడ్‌ని నేనింతవరకూ చూడలేదు. "ఏ కారణమూ అంగీకరించబడదు" అన్న మాటకీ, వాదన వినాలన్న నియమానికీ ఎలాగూ పొసగదు.

సర్కారు గుమాస్తా
మరి సీఎల్ కట్ కూడా తప్పేనా? మాది చెల్లదంటారా?

పాత హెచ్చార్
మీది సర్వీస్ రూల్స్ కింద నడిచే వ్యవహారం గుమాస్తా గారూ, అది వేరు. ప్రైవేటులో లీవ్ కోయడం ఆ కంపెనీ లీవ్ పాలసీలో ఏం రాసుందో దాన్ని బట్టి ఉంటుంది. పాలసీలో లేనిది టీమ్ బోర్డు మీద నోటీసుతో పుట్టించకూడదు.

పొద్దుటి షిఫ్ట్
హ్యాండోవర్‌కి పది నిమిషాలే పడుతుంది. మీరందరూ చెప్పింది కలిపి ఇలా రాశాను. ఎక్కడ తప్పుందో చెప్పండి.

"పొద్దుటి షిఫ్ట్ సభ్యులకు,

రాత్రి షిఫ్ట్ వాళ్ల డ్రాప్ క్యాబ్ 7:15కి బయలుదేరుతుంది. హ్యాండోవర్‌కి పది నిమిషాలు పడుతుంది. మనం 7:05 దాటి సీట్లోకి వస్తే, రాత్రంతా పనిచేసిన మనిషి 8 గంటల క్యాబ్ దాకా ఆగాలి. పోయిన నెల ఇలా చాలాసార్లు జరిగింది.

అందుకే 1వ తేదీ నుంచి 7:05 తర్వాత లాగిన్ అయితే లేట్‌గా రాస్తాను. పాత లేట్లు లెక్కలోకి రావు. ప్రతి నెలా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కంపెనీ క్యాబ్ ఆలస్యమైతే అది మీ లేట్ కాదు, ట్రిప్ షీట్ చూసి నేనే తీసేస్తాను.

నెలలో మూడో లేట్ అయితే మీతో విడిగా కూర్చుని మాట్లాడతాను. షిఫ్ట్ టైం మార్చితే సరిపోతుందా అన్నది కూడా అప్పుడే చూద్దాం. ఆ తర్వాత కూడా కొనసాగితే లిఖితపూర్వకంగా సంజాయిషీ అడుగుతాను. మీ లెక్క తప్పనిపిస్తే మూడు రోజుల్లో నాకు చెప్పండి.

ఈ సమయం లీడ్‌లకీ మేనేజర్‌కీ కూడా వర్తిస్తుంది."

రమ్య, విజయవాడ
బాగుంది, "రాస్తాను", "మాట్లాడతాను" అని మీ పేరు మీదకి తీసుకోవడం నాకు బాగా నచ్చింది. కానీ నాకొక అనుమానం. జీతం కట్ తీసేశాక ఇందులో గట్టిదనం ఏముంది? ఆ ముగ్గురు నవ్వుకుంటారేమో. సంజాయిషీ తర్వాత ఏంటో చెప్పకపోతే అది కూడా దాచినట్టే కదా?

పాత హెచ్చార్
మంచి ప్రశ్న. సంజాయిషీ తర్వాత ఏం జరుగుతుందో మీ పాలసీలో ఉంటే ఆ ఒక్క వాక్యం చేర్చండి, లేకపోతే బెదిరింపు కోసం కల్పించకండి. రాని నిమిషాలకి నిమిషాల జీతం కోయడం చట్టానికి లోబడే ఉంటుంది, కావాలంటే అది పెట్టొచ్చు. నా మటుకు నేను పెట్టను, 87 రూపాయల కోసం పేరోల్ వాళ్లతో పడే తలనొప్పి ఎక్కువ. చివరి వాక్యం గురించి మీ మేనేజర్‌ని అడిగారా?

నైట్ షిఫ్ట్ బాబాయ్
మొదటి పేరా చదివి మా ఆవిడకి చూపించానమ్మా. ఒక్కటే సవరణ. "చాలాసార్లు" అనకండి, ఎన్నిసార్లో రాయండి. అంకె లేకపోతే అతిశయోక్తి అనుకుంటారు.

పొద్దుటి షిఫ్ట్
అప్‌డేట్ చెప్తాను. సెక్యూరిటీ గేట్ రిజిస్టర్ చూస్తే రాత్రి షిఫ్ట్ వాళ్లు 7:15 క్యాబ్ మిస్సయింది 9 రోజులు. ఆ అంకె పెట్టాను. సగం రోజు కట్ హెచ్చార్‌కి లెక్క చూపించగానే తీసేశారు. సంజాయిషీ తర్వాత ఏంటన్నది పాలసీలో స్పష్టంగా లేదు, వాళ్లు చూసి చెప్తామన్నారు, అది ఇంకా అక్కడే ఉంది. ముగ్గురిలో ఒకావిడ బాబుని స్కూల్ ఆటో ఎక్కించి రావాలి, ఆమెకి పొద్దున 8 గంటలకి మొదలయ్యే షిఫ్ట్ ఇచ్చాను. మిగిలిన ఇద్దరితో మాట్లాడాను, ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు "అందరూ లేటే కదా" అన్నారు. 31లో 11 క్యాబ్‌వి, 13 మీ ముగ్గురివి అని చూపించాను, ఏమీ మాట్లాడలేదు.

మేనేజర్ గారు చివరి వాక్యం కొట్టేశారు. తను వచ్చేది పదికి, తన డ్యూటీ అదే అన్నారు. అది నిజమే కాబట్టి "లీడ్‌లకీ" అని మాత్రం ఉంచాను.

గచ్చిబౌలి కుర్రాడు
మేనేజర్ డ్యూటీ పదికైతే, పైన "మనం 7:05 దాటి" అన్నది ఎవరి తరఫున అక్కా?

పొద్దుటి షిఫ్ట్
నా తరఫున. నేను 6:50కే వస్తాను. సంతకం కూడా నాదే పెట్టాను.