అప్‌డేట్: చివరి నుంచి n-వ అక్షరం a కావాలంటే డీఎఫ్‌ఏ 2^n కంటే తగ్గదు

నా ప్రశ్న: "a, b లతో పదాలు, చివరి నుంచి 3వ అక్షరం a కావాలి. ఎన్‌ఎఫ్‌ఏ 4 స్టేట్లలో అయిపోతోంది, డీఎఫ్‌ఏ 8 దగ్గరే ఆగుతోంది. తగ్గించొచ్చా?"

కుదరదండీ. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. మినిమైజేషన్ ప్రోగ్రాంలో బగ్ వెతకమన్న సలహాకి దీనితో సంబంధం లేదని తేలింది. పనికొచ్చింది మైహిల్-నెరోడ్, గుంటూరులో మా సార్ కూడా బోర్డు మీద అదే చూపించారు: aab, abb తీసుకుంటే రెండో అక్షరం దగ్గర తేడా, రెండింటికీ చివర ఒక b తగిలిస్తే aabb పాస్, abbb ఫెయిల్, కాబట్టి ఆ రెండూ ఒకే స్టేట్‌లో ఆగడానికి వీల్లేదు. మూడక్షరాల పదాలు 8. ఏ రెండైనా సరే, తేడా ఉన్న చోటు చివరి నుంచి మూడోది అయ్యేదాకా b లు కలిపితే విడిపోతాయి. ఎన్‌ఎఫ్‌ఏకి ఈ బాధే లేదు, a కనపడగానే "ఇదే మూడోది" అని ఊహించేస్తుంది. n=10 అయితే 11 ఎక్కడ, 1024 ఎక్కడ!