రెండు ఆవులా, ఒక ఆవూ నాటుకోళ్లా? పలమనేరు వైపు రెండు లక్షలతో మొదలుపెట్టాలి

అన్నా, అక్కా, అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి. అరెకరంలో సూపర్ నేపియర్ ఉంది. బోరు నీళ్లు గడ్డికే సరిపోతాయి, అందుకే చేపల చెరువు వద్దనుకున్నాం. తేనెటీగలకు ఏడాది పొడవునా పూత లేదు.

ఆవు లెక్క ఇది. రోజుకు 10 లీటర్లిచ్చే జెర్సీ సంకరానికి ఒంటికి ఒకటిన్నర కిలో, ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో చొప్పున మొత్తం ఐదున్నర కిలోల దాణా. దాణా కిలో 30, పాలు లీటరు 35 అనుకుంటే, 350లో 165 దాణాకే పోతుంది. మిగిలిన 185లోనే గడ్డి, మందులు, కూలి చూసుకోవాలి. వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. తగ్గితే ఆ 35 కూడా రాదు. ఈనడానికి ముందు రెండు నెలలు పాలుండవు, మేత మాత్రం తప్పదు. ఎద కనిపెట్టలేక చూడి ఆలస్యమైతే ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది. అసలు భయం అదే.

వంద నాటుకోళ్లకు పెట్టుబడి తక్కువే. కానీ కొక్కెర తెగులు వస్తే రెక్కలు వాల్చి, పచ్చగా పారి, మెడ తిప్పుకుంటూ వారంలో షెడ్డే ఖాళీ. మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి వేయించాలనుకుంటున్నాం. ఊళ్లో వదిలి మేపే కోళ్లుంటే టీకా ఒక్కటే చాలుతుందా?

రెండావులే మేలంటే, ఈతల మధ్య ఎన్ని నెలల తేడా పెట్టాలి? కొనేముందు వరసగా రెండు పూటలు పాలు పిండించి చూస్తే సరిపోతుందా?