అప్‌డేట్: నాన్నగారి ట్రోపోనిన్, డి-డైమర్ రిపోర్టులు

నేను అడిగింది: "నాన్నకు 72 ఏళ్లు, ఛాతీ నొప్పి. ట్రోపోనిన్ నార్మల్, డి-డైమర్ 640 అని ఎర్రగా చూపిస్తోంది. గుండె బాగున్నట్టేనా? ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందా?"

రెండూ నేను తప్పుగానే చదివాను. ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్, పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, మేమేమో నొప్పి మొదలైన గంటకే రక్తం ఇచ్చాం. 3 గంటల తర్వాత మళ్లీ చేస్తే 9 కాస్తా 68 అయింది. గుండెపోటే. వెంటనే స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగున్నారు. మొదటి రిపోర్టు చూసి ఇంటికి తీసుకెళ్లిపోయి ఉంటే అన్న ఆలోచనకే ఇంకా వణుకు వస్తోంది.

డి-డైమర్ రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే ముక్కల లెక్క. ఇన్ఫెక్షన్, ఆపరేషన్, వయసు వల్ల కూడా పెరుగుతుంది. ల్యాబ్ హద్దు 500, కానీ గడ్డ అనుమానం తక్కువగా ఉంటే 50 ఏళ్లు దాటినవాళ్లకు అవే యూనిట్లలో వయసును 10తో గుణించి హద్దుగా తీసుకుంటారట, అంటే నాన్నకు 720, ఆయన 640 దానికంటే తక్కువే. కాలి వాపు లేదు, ఆక్సిజన్ బాగుంది, అందుకే స్కాన్ అక్కర్లేదన్నారు.