√2 నిరూపణ రాసిన పిల్లను "√4కి ఎందుకు కుదరదు" అని అడగొచ్చా?

హన్మకొండ అమ్మ: మా పాప పదో తరగతి. √2 కరణీయ సంఖ్య అని నిరూపించుడు పొల్లు పోకుండ రాసింది. కిందనే "ఇదే పద్ధతి √4కి ఎక్కడ ఆగుతుంది, ఎందుకు?" అని ఇచ్చిండ్రు. అక్కడ సున్నా. పుస్తకంలో లేనిది అడుగుడు న్యాయమేనా?

కాజీపేట ట్యూషన్: కాదమ్మా. దశలన్నీ సరిగ్గ ఉంటే పిల్లకు అర్థమైనట్టే. √4 అంటే 2. ఇగ అండ్ల నిరూపించేదేముంది?

జనగామ లెక్కల సార్: √4 = p/q అనుకోండి, p, qలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. వర్గం చేస్తే p² = 4q². "p²ని 4 భాగిస్తుంది, కాబట్టి pని 4 భాగిస్తుంది" అని రాసి p = 4k పెట్టండి. q² = 4k² వస్తుంది, qని కూడా 4 భాగిస్తుందంటరు, వైరుధ్యం. √4 కరణీయమని తేలిపాయె! √2 చూడకుండ రాసే పిల్లలే మా క్లాసుల ఇది రాసి కింద గీత కొడ్తరు. తప్పు ఒక్క అడుగులనే ఉంది. p = 2 తీసుకోండి: p² అంటే 4, దాన్ని 4 భాగిస్తుంది, 2ను భాగించదు. √2 దగ్గర ఆ అడుగు నిలబడేది బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే కాబట్టి. p² సరి అయితే p సరి కాక తప్పదు.

పరకాల రవాణా: √2 అంటే 1.414 కదా. 1414/1000 భిన్నమే. ఈ లొల్లి ఎందుకు?

జనగామ లెక్కల సార్: 1.414ని వర్గం చెయ్యండి. 1.999396 వస్తది, 2 రాదు.

కాజీపేట ట్యూషన్: అయితే "ప్రధాన సంఖ్యలకే పనిచేస్తది" అని ఒక్క ముక్క నేర్పితే అయిపాయె.

జనగామ లెక్కల సార్: మరి √6? 6 ప్రధాన సంఖ్య కాదు. కానీ p²ని 6 భాగిస్తే 2, 3 రెండూ pని భాగిస్తయి, అంటే 6 కూడా భాగిస్తది. నిరూపణ నడుస్తది. √8 చూడండి: 16ను 8 భాగిస్తది, 4ను భాగించదు. అడుగు విరిగింది, అయినా √8 కరణీయమే. మీ ముక్క బట్టీ పట్టినోడు √6కి నిరూపణ లేదంటడు, √8ని అకరణీయమంటడు.

కాజీపేట ట్యూషన్: మీరు √6, √8 అని తిప్పుతనే ఉన్నరు! నేను పదిల ఉన్నప్పుడు విషయం తెలిసి గూడ మాటలు దొరకక మార్కులు పోగొట్టుకున్న. "ఎందుకు" రాయాలంటే భాష కావాలె. మీరు కొలిచేది లెక్కనా, వాక్యమా?

జనగామ లెక్కల సార్: వాక్యం అక్కర్లేదు. "p = 2 అయితే తప్పు" అని రాసినా నిండు మార్కులిస్త.

కాజీపేట ట్యూషన్: మీరిస్తరు. ఎక్కడనో కూసొని పేపర్ దిద్దేటాయన కీలో లేదని కొట్టేస్తే?

జనగామ లెక్కల సార్: ఆ భయం నాకూ ఉంది. దానికి కీ మార్చాలె, ప్రశ్న తీసెయ్యొద్దు.

హన్మకొండ అమ్మ: పేపర్ మళ్ల చూసిన. పాప "√4 = 2 కాబట్టి కుదరదు" అని రాసింది. దీనికేమన్న ఇయ్యొచ్చా సార్?

జనగామ లెక్కల సార్: సగం ఇస్త. ముగింపు తప్పని చెప్పింది, విరిగిన అడుగు చూపలేదు.

కాజీపేట ట్యూషన్: నేనైతే మొత్తం ఇస్త.