కర్త పేరు లేని పుస్తకం ఏ అక్షరం కింద?

పర్లాకిమిడి లక్ష్మి: అందరికీ నమస్కారం. గజపతి జిల్లా తెలుగు మీద థీసిస్ రాస్తున్నాను. మా గైడ్ ఎమ్మెల్యే పద్ధతిలో, అంటే మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ల పద్ధతిలో, గ్రంథసూచి ఇమ్మన్నారు. కర్త పేరు ఉన్నవాటితో ఇబ్బంది లేదు. ఊళ్లలో సేకరించిన సంచికలు, కరపత్రాలు కొన్నింటికి అట్ట మీద గానీ లోపల గానీ కర్త పేరే లేదు. మా తమ్ముడు పైథాన్‌లో వరుస పెడితే ఇలా వచ్చింది (పేర్లు కొంచెం మార్చాను):

```
1936 తర్వాత మన బడి
ఆ నాటి పర్లాకిమిడి
ఒక ఊరు, రెండు భాషలు
౧౦౮ సామెతలు
“మన పాటలు” జ్ఞాపిక
```

అంకెతో మొదలయ్యేవి రెండున్నాయి. ఒకటి పైకీ ఒకటి కిందకీ ఎందుకు పోయాయి? కొటేషన్ గుర్తు ఉన్నది అట్టడుగున ఎందుకుంది? ఇంగ్లీషు జాబితాలో ‘ది ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా’ 20వ సంపుటం కూడా ఉంది, పర్లాకిమిడి గురించి అందులో ఉంది కాబట్టి. దాన్ని టి కింద పెట్టాలా, ఐ కింద పెట్టాలా?

గుణుపురం శ్రీను: చాలా తేలిక లక్ష్మిగారూ. కర్త లేకపోతే ‘అజ్ఞాతకర్త’ అని రాసి అన్నీ అ కింద పెట్టేయండి. ఇంగ్లీషులో ముందున్న ది కొట్టేయండి. తెలుగులో కూడా ఆ, ఈ, ఒక లాంటి చిన్న మాటలు లెక్కలోకి రావు, వాటినీ తీసేయండి.

జయపురం అప్పారావు: మా మనవరాలి పెళ్లి శుభలేఖల జాబితాలోనూ ఇదే తంటా అమ్మా. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి పేరు ముందు. పొడి అక్షరాలతో మొదలుపెట్టాలా, పేరుతోనా?

బరంపురం పద్మ: అప్పారావు తాతగారూ, మీది మనుషుల పేర్ల సంగతి, అది వేరే చర్చ. లక్ష్మి అడిగింది అసలు మనిషి పేరే లేని పుస్తకాల గురించి.

శ్రీనూ, ది విషయంలో నీ మాట సగం నిజం. వరుసలో దాన్ని దాటేయాలి, రాతలో మాత్రం అలాగే ఉంచాలి. గ్రంథసూచిలో ‘ది ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా’ అని పూర్తిగానే ఉంటుంది, కానీ ఐ దగ్గర కూర్చుంటుంది. థీసిస్ నడుమ బ్రాకెట్లో క్లుప్తంగా చెప్పేటప్పుడు మాత్రం ‘ఇంపీరియల్ గెజిటీర్’ అని మొదలవుతుంది. చదివేవాడు ఆ మాట పట్టుకునే వెనక్కి వెళ్లి ఐ దగ్గర వెతుకుతాడు. ఆ రెండూ కలవకపోతే ఎంట్రీ దొరకదు. లైబ్రరీలో మేమూ ఇదే చేస్తాం. కంప్యూటర్ కేటలాగులో ఒక్కో పుస్తకానికీ రాసే మార్క్ రికార్డులో, పుస్తకం పేరు ఉండే 245 ఫీల్డుకి రెండో ఇండికేటర్ అని ఒక గడి ఉంటుంది, ఎన్ని అక్షరాలు దాటాలో అందులో వేస్తాం. The అయితే 4, ఎందుకంటే తర్వాతి ఖాళీని కూడా లెక్కపెట్టాలి. An కి 3, A కి 2. పొరపాటున The కి 3 వేస్తే ఆ ఖాళీ దగ్గర్నుంచే వరుస మొదలై, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ పుస్తకం జాబితా నెత్తిన కూర్చుంటుంది. తప్పు అలా బయటపడుతుంది.

‘అజ్ఞాతకర్త’ అని మనంతట మనం రాయకూడదు. అలా రాస్తే సంబంధం లేని పుస్తకాలన్నీ ఒకే చోట కుప్పపడతాయి. ఎమ్మెల్యేలో పుస్తకం పేరే మొదటి స్థానంలోకి వస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల ఏపీఏ పద్ధతిలో కూడా పుస్తకమే తన మీద ‘అనానిమస్’ అని అచ్చేసుకుంటే తప్ప ఆ మాట వాడరు.

రాయగడ మాస్టారు: ‘ఆ’, ‘ఒక’ సంగతి నేను చెప్తాను. The, A, An లాంటి ఆర్టికల్‌ని దాటేది ఎందుకు? ఇంగ్లీషులో అది లెక్కలేనన్ని పేర్ల ముందు వస్తుంది, పోల్చుకోవడానికి పనికిరాదు. తెలుగులో ఆర్టికల్ అన్నదే లేదు. ‘ఆ నాటి’లో ఆ అన్నది ఏ నాటిదో చూపిస్తోంది, అది తీస్తే అర్థం పోతుంది. ‘ఒక ఊరు, రెండు భాషలు’లో ఒక అన్నది రెండుకి జోడు, అది లేకపోతే పేరే కుంటుతుంది. కాబట్టి ఒకటి ఆ కింద, ఇంకోటి ఒ కింద. ఒడియా పుస్తకాలున్నా భయం లేదు, ఆ భాషలో ఫలానాది అని చెప్పే టి, టా మాట చివర అతుక్కుంటాయి. ముందు దాటాల్సింది ఏమీ ఉండదు.

గుణుపురం శ్రీను: ఒప్పుకుంటాను మాస్టారూ. మరి తెలుగు లిపిలోనే ‘ది’ అని అచ్చేసిన పేర్లుంటాయి కదా?

రాయగడ మాస్టారు: అదే చిక్కు. అది ఇంగ్లీషు ఆర్టికలే కాబట్టి దాటాలంటాను నేను.

బరంపురం పద్మ: నేను దాటను మాస్టారూ. తెలుగు జాబితాలో వెతికేవాడు కంటికి కనిపించే ద దగ్గరకే వెళ్తాడు.

ఇక కంప్యూటర్ వరుస. లక్ష్మీ, మీ తమ్ముడు కోడ్ ఇలా రాసుంటాడు:

```
sorted(["హంస", "౧౦౮", "108", "అల"])
# ['108', 'అల', 'హంస', '౧౦౮']
```

ఇది అకారాది చూడదు, యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఉన్న నంబరు చూస్తుంది. మామూలు 1 నంబరు తెలుగు అక్షరాలన్నిటి కంటే చిన్నది. తెలుగు ౧ మాత్రం యూనికోడ్ పట్టికలో హ కంటే వెనక ఉంది. వంకర కొటేషన్ గుర్తు ఇంకా వెనక. టైప్‌రైటర్ మీది నిలువు కొటేషన్ కొట్టి ఉంటే అదే పుస్తకం అన్నిటికంటే పైకి వచ్చేది. ఒకే పుస్తకం రెండు చోట్లకి తిరుగుతోందంటే ఈ గుర్తులే చూడాలి. కొటేషన్, బ్రాకెట్, చుక్క లాంటివి వరుసకి లేనట్టే లెక్క. “మన పాటలు” మ కింద ఉండాలి.

అంకెల్ని ఎమ్మెల్యేలో గానీ ఏపీఏలో గానీ పలికినట్టు అక్షరాల్లో రాసుకుని చూడాలి. ౧౦౮ నూట ఎనిమిది కాబట్టి న. 1936 పందొమ్మిది వందల ముప్పై ఆరు కాబట్టి ప. అదే 1936 ఇంగ్లీషు పుస్తకం మొదట్లో ఉంటే నైన్‌టీన్ కాబట్టి ఎన్. పక్కన ‘వరుస మాట’ అని ఇంకో కాలమ్ పెట్టుకుని దాని మీద వరుస పెట్టు, పుస్తకం పేరు ముట్టుకోకు. అప్పుడు ఆ నాటి, ఒక ఊరు, ౧౦౮, 1936, మన పాటలు అని వస్తుంది.

పర్లాకిమిడి లక్ష్మి: ఎంత మేలు చేశారు అక్కా! కానీ మా కాలేజీ లైబ్రరీ కేటలాగులో అంకెలన్నీ మొదట్లోనే ఉన్నాయే?

బరంపురం పద్మ: అదీ తప్పు కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1968 నియమాల్లో పలికినట్టే ఉండేది. 1980లో మార్చి అంకెల్ని అక్షరాల కంటే ముందు, విలువ వరుసలో పెట్టమన్నారు. కేటలాగు దారి కేటలాగుది, నీ థీసిస్ దారి నీ గైడ్ చెప్పింది.

జయపురం అప్పారావు: నా దగ్గరున్న పాత పుస్తకాలన్నీ శ్రీతోనే మొదలవుతాయి. శ్రీ దాటొచ్చా? ఇంకోటి, ‘100 ఏళ్ల సంచిక’ ఉంది. మా ఇంట్లో నూరు అంటాం, మా కోడలు వంద అంటుంది.

రాయగడ మాస్టారు: శ్రీ ఆర్టికల్ కాదు తాతగారూ, శ కిందే ఉంచండి. శ కింద కుప్పపడతాయన్నది నిజమే. అసలు పేరు దగ్గర ‘శ్రీతో మొదలయ్యేది చూడండి’ అని ఒక చీటీ పెట్టుకోవచ్చు.

100 మాత్రం నాకూ తెగలేదు. లోపలి పేజీలోనో ముందుమాటలోనో వాళ్లే అక్షరాల్లో రాసి ఉంటే అదే తీసుకోండి.

బరంపురం పద్మ: లేకపోతే నేను వంద అంటాను. లక్ష్మీ, నువ్వు ఏది ఎంచుకున్నా జాబితా అంతా అదే ఉంచు. పందొమ్మిది, పంతొమ్మిది కూడా అంతే. రెండు రకాలుగా రాస్తే 1936, 1947 వరుస తారుమారవుతుంది.

రాయగడ మాస్టారు: వంద ఎందుకమ్మా, 108 దగ్గర నూట అన్నప్పుడు 100 దగ్గర నూరు అనే అనాలి కదా. లేకపోతే ఒకటి న కింద, ఒకటి వ కింద పోతాయి.

బరంపురం పద్మ: పోనివ్వండి మాస్టారూ, జనం పలికేది అలాగే. ఇంకెవరైనా చెప్పండి.