తెరిచిన ఫినో సీసా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒలొరోసో సంగతేమిటి?

శ్రీధర్ (లండన్):
నెలన్నర క్రితం ఒకే రోజున ఒక ఫినో సీసా, ఒక ఒలొరోసో సీసా తెరిచి, తాగినంత తాగి, మిగతాది మూత పెట్టి ఫ్రిజ్ తలుపులో ఉంచాను. నిన్న చూస్తే ఒలొరోసో బాగానే ఉంది, ఫినో మాత్రం చప్పబడిపోయింది. రెండూ స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు షెర్రీ వైన్‌లే, రెండూ తీపి లేనివే, రెండింట్లోనూ ఆల్కహాల్ చేర్చినదే. ఇంత తేడా ఎందుకు?

మధుసూదన్:
లేబుల్ చూడండి. మీ ఫినోలో 15 శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఒలొరోసోలో 18 నుంచి 20 వరకు ఉంటుంది. ఎక్కువ ఆల్కహాల్ ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది, అంతకు మించిన రహస్యం ఇందులో లేదు.

విజయలక్ష్మి (సెవిల్యా):
మధుసూదన్ గారు చెప్పిన అంకెలు సరైనవే కాని, కారణం అంతటితో ఆగదు. 15 శాతం దగ్గర కూడా వైన్ పులిసి వెనిగర్ కావడం అరుదు, కాబట్టి శ్రీధర్ గారి ఫినో పాడైంది పులిసి కాదు, గాలి తగిలి. ఫినో పీపాలో ఉన్నంత కాలం దాని పైన ఈస్ట్ తెట్టు కట్టి ఉంటుంది, దాన్నే అక్కడివారు ఫ్లోర్ అంటారు. పీపాను అంచు దాకా నింపకుండా కొంత ఖాళీ వదిలేది ఆ తెట్టు బతకడానికే. గాలిలోని ఆక్సిజన్‌ను అది తానే వాడుకుంటుంది కాబట్టి కింద ఉన్న వైన్ ఏళ్ల తరబడి లేత గడ్డి రంగులోనే ఉండిపోతుంది. సీసాలో నింపే ముందు వడపోతలో ఆ తెట్టు పోతుంది. ఆ తర్వాత, ఏళ్లపాటు గాలి తగలకుండా పెరిగిన వైన్‌కు మీరు మూత తీసిన రోజున మొదటిసారి గట్టిగా గాలి తగులుతుంది. అందుకే తెరిచిన ఫినోను వారంలోగా తాగేయమంటారు.

ఒలొరోసో కథ దీనికి తలకిందులు. 17 శాతం దాటితే ఫ్లోర్ బతకదు కాబట్టి, దానికి మొదటే ఎక్కువ ఆల్కహాల్ చేర్చి, గాలిలోనే పెంచుతారు. అందుకే మీ సీసాలోని గాలి దానికి కొత్త కాదు.

కామేశ్వరి:
మా అల్మరాలో రెండేళ్ల నుంచి ఒక షెర్రీ సీసా ఉంది, క్రిస్మస్ కేకులో వేస్తాను, ఏమీ కాలేదు. ఇన్ని జాగ్రత్తలు అవసరమా?

విజయలక్ష్మి (సెవిల్యా):
కామేశ్వరి గారూ, మీది తీపి క్రీమ్ షెర్రీ అయి ఉంటుంది, ఇక్కడి ప్రశ్న దాని గురించి కాదు. కేకు ఆ తేడాను మన్నిస్తుంది, గ్లాసు మన్నించదు.

రమణమూర్తి:
గాలికి అలవాటు పడిందని ఒలొరోసో ఎన్నాళ్లైనా ఉంటుందనుకోవడం పొరపాటు. నేను ఒక సీసాను ఆరు నెలలు ఉంచాను. వాల్‌నట్ వాసన మాయమై, ఆల్కహాల్ ఘాటు ఒక్కటే మిగిలింది. పైగా, వడపోత చాలా తక్కువగా చేసే ఎన్ రామా రకం ఫినో తెరిచిన రెండో రోజునే నాకు ఎక్కువ నచ్చింది. అందుకని ‘వారం’ అనే గీత నాకు నమ్మకం కలిగించదు.

విజయలక్ష్మి (సెవిల్యా):
ఒలొరోసో విషయంలో మీతో ఏకీభవిస్తాను, నేను కూడా రెండు నెలలకు మించి ఉంచను. ఫినో విషయంలో మాత్రం నేను ఒకసారి చేసి చూసినది చెబుతాను. 750 మిల్లీలీటర్ల సీసా తెరిచిన వెంటనే, సగాన్ని శుభ్రమైన 375 మిల్లీలీటర్ల సీసాలో మెడ అంచు వరకు నింపి, మరమూత బిగించి, రెండింటినీ ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టాను. పన్నెండో రోజున పక్కపక్కన పోసి చూస్తే, పెద్ద సీసాలోది కాస్త పసుపు తిరిగి, కోసి పక్కన పెట్టిన ఆపిల్ ముక్క వాసన వేసింది, ఆ ఉప్పటి చురుకు నాలుకకు అందలేదు. చిన్న సీసాలోది మొదటి రోజంత కాకపోయినా, పిండి వాసనతో, పదునుగానే ఉంది. పంపుతో గాలి లాగేసే మూతలు కూడా వాడాను కాని, అవి వాసనను కూడా కొంత లాగేస్తాయని నా అనుమానం.

మధుసూదన్:
అయితే ఆల్కహాల్ వల్ల ఏ ప్రయోజనమూ లేదంటారా?

విజయలక్ష్మి (సెవిల్యా):
అలా అనలేదు. ఆల్కహాల్ సూక్ష్మజీవులను ఆపుతుంది, గాలిని ఆపలేదు.

శ్రీధర్ (లండన్):
పన్నెండు రోజుల పరీక్ష నేనూ చేస్తాను, ఈసారి కొంటే సగం సీసానే కొంటాను. మిగిలిన ఫినోను పుట్టగొడుగులు, వెల్లుల్లి వేయించేటప్పుడు పోసేస్తున్నాను. రమణమూర్తి గారు చెప్పిన రెండో రోజు సంగతి మాత్రం నాకింకా అర్థం కాలేదు.

రమణమూర్తి:
నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ఇంకో ఎన్ రామా సీసా తెరిచినప్పుడు రోజుకో గ్లాసు చొప్పున రాసుకుని ఇక్కడ పెడతాను.