‘చెల్లం’కి తెలుగులో ఏమనాలి?

చెన్నైలో ఉంటాం. మా ఆవిడ తమిళమ్మాయి, నన్ను ‘చెల్లం’ అంటుంది. మొన్న గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ అది విని, కూర గరిటె పట్టుకునే ఆగిపోయింది: “అదేంట్రా, నిన్ను చెల్లి అంటోంది?”

తమిళంలో చెల్లం అంటే ముద్దు, గారాబం అని చెప్పాను. కానీ తెలుగులో ‘ఏయ్ గారాబం’ అని ఎవర్నీ పిలవలేం కదా! ‘కుట్టి’ అయితే ఇంకా ఘోరం. అక్కడ చిన్నది, బుజ్జిది అని. మనకేమో చీమ కుట్టినట్టుంటుంది. ‘తంగం’ ఒక్కటే ‘బంగారం’గా చక్కగా కుదిరింది.

అమ్మ ముందు కూడా పిలవగలిగేలా, చెల్లంలోని ఆ మురిపెం పోకుండా తెలుగు పిలుపు ఏదైనా ఉందా? ‘బుజ్జీ’ వద్దండీ, అది మా మేనల్లుడి పేరు. తమిళ, తెలుగు జంటలుంటే మీ ఇంట్లో ఏమంటారో చెప్పరూ?